ఏకై వచ్చి మేకైన లెక్క

కుప్పమునుండి బంగారుపేట వైపు సాగు రైలుదారిమీద గుడుపల్లె ఒక చిన్న స్టేషను. తెలుగు, తమిళము, కన్నడము మూడు భాషలును ఒకే సంతలో వినవచ్చు ఈ సీమలో, ఎవడు ఏ భాషవాడని తేల్చి చెప్పుట ఎంత కష్టమో, కొన్ని కుటుంబముల విషయమున ఎవడు ఏ మతమువాడని తేల్చి చెప్పుటయు ఒకప్పుడు అంతే కష్టముగా ఉండెను. నా బాల్యమున సంక్రాంతికి ముందు పరుపులలోని దూది ఏకుటకు ఒక దూదేకుల తాత మా వాకిటికి వచ్చుచుండెను. భుజమున పొడవైన విల్లు, చేత కొయ్యగుండు. నారిని ఆ గుండుతో మీటినప్పుడెల్ల గట్టిపడిన దూది పొరలు పొరలుగా విడి మబ్బువలె లేచుచుండెను. ఆయన పేరు మొదట హుస్సేను, చివర అప్ప. ఆయన ఇంట తెలుగు తప్ప వేరు మాట లేదు, గడ్డము లేదు, కోడలి మెడలో మంగళసూత్రము ఉండెను. మొహరము నెలలో పీర్ల చావిడి బాధ్యత ఆయనది. ఊరి జాతరలో అమ్మవారికి మొక్కు చెల్లించు వరుసలోను ఆయన ఉండెడివాడు. ఆయన హిందువా, ముసల్మానా అను ప్రశ్న మా వాకిట ఎన్నడును పుట్టలేదు.

ఆ ప్రశ్న పుట్టినది మరియొక చోట. దానిని పుట్టించినది ఒక అచ్చు కాగితములోని ఒక గడి. దూది ఏకగా వచ్చు మెత్తని చుట్టను మనవారు ఏకు అందురు. ఏకై వచ్చి మేకై కూర్చున్నది అను సామెత ఆ వృత్తినుండి పుట్టినదే. మెత్తగా వచ్చి కదలని కొయ్యగా నాటుకొనిన వస్తువులలో ఆంగ్ల ప్రభుత్వపు జనాభా లెక్కలోని మతపు గడి ఒకటి. అది దూదేకులవారి విషయమున ఎట్లు పని చేసినదో చూచినచో, ఉపఖండమంతట అది చేసిన పని తెలియవచ్చును.

జనుల లెక్క ఈ దేశమున కొత్త కాదు. పన్ను వేయుటకై ఇండ్లను లెక్కించు ఖానేషుమారి తెల్లవారి రాకకు మున్నే ఉండెను. ఏ ఊర ఎన్ని కాపు ఇండ్లు, ఎన్ని సాలె మగ్గములు, ఎన్ని ఏతములు అని కరణములు వ్రాసి పెట్టుచుండిరి. కాని ఆ లెక్కకు మనిషి తన విశ్వాసమునకు పేరు పెట్టి చెప్పవలసిన పని లేదు. చెన్నపట్టణపు ప్రభుత్వము 1851 మొదలు ఐదేండ్లకొకమారు జనసంఖ్య సేకరించి, 1871లో డాక్టరు కోర్నిష్ ఆధ్వర్యమున రాజధాని అంతటను సమగ్రముగా లెక్క తీయించెను. 1881 ఫిబ్రవరి 17 రాత్రి దేశమంతటను ఒక్కమారే లెక్క జరిగెను. అప్పటినుండి పదేండ్లకొకమారు ప్రతి మనిషి పేరునకు పక్కన మతము ఏది అను గడి తప్పనిసరి యయ్యెను. ఇంగ్లండు ప్రభుత్వము తన సొంత జనుల లెక్కలో ఒక్కొక్క మనిషిని నీ మతము ఏది అని అడుగుట 2001 వరకు జరుగలేదు. 1851లో అక్కడ ప్రార్థనాలయములకు వచ్చినవారి తలలను మాత్రము ఒక్కమారు లెక్కించిరి. ఆ మీదట మతమునుగూర్చి అడుగుట వివాదాస్పదమని మానుకొనిరి. తమ ఇంట అడుగుటకు వెనుదీసిన ప్రశ్నను, ఇక్కడ కోట్లమందిని పదేండ్లకొకమారు అడిగిరి.

1901 మార్చి 1 నాటి లెక్కను తీసికొందము. అప్పటికి కుప్పము, గుడుపల్లె సీమ ఉత్తర ఆర్కాడు జిల్లాలోని కంగుంది జమీనులోనిది. పుంగనూరును ఆ జిల్లాలోనిదే. మదనపల్లె కడప జిల్లాలోనిది. ఇవి కలిసి చిత్తూరు జిల్లా యైనది 1911 ఏప్రిలు 1న, అనగా ఆ దశాబ్దపు లెక్క ముగిసిన మూడు వారములకు. లెక్కకు కొన్ని నెలలు ముందుగానే ప్రతి ఇంటి గోడమీదను అంకె వేయుదురు. ముప్పది నలుబది ఇండ్లు ఒక గణకునికి. అతడు సాధారణముగా ఊరి కరణమో, బడిపంతులో. అతనిపైన తనిఖీదారుడు, ఆపైన తహశ్శీలుదారు. గణకుడు ముందుగా ఇంటింటికి పోయి కాగితము నింపును. నియమితమైన రాత్రి మరల తిరిగి, పుట్టినవారిని చేర్చి, పోయినవారిని కొట్టివేయును. ఆ కాగితమున మనిషి పేరు తరువాతి గడి మతము. కులము కొంత దూరమున. వృత్తి, పుట్టిన చోటు, మాటలాడు భాష ఇంకను దూరమున.

ఆ గడికి సంబంధించిన ఆదేశము చూచుటకు న్యాయముగానే ఉండెను: ఎవడు ఏది చెప్పిన అది వ్రాయవలెను. చిక్కు అంతయు చెప్పుటలోనే కలదు. కంగుంది జమీనులోని ఒక పల్లెలో, ఒక దూదేకుల గడప ముందు కరణము కలము పట్టి కూర్చున్నట్లు ఊహింతము.

"ఏమప్పా, మతమేమని రాసుకునేది?"

"దూదేకులోళ్ళం గదా సామీ."

"అది కులమప్పా. మతం చెప్పు."

"మతమంటే ఏముంది సామీ. పీర్లకు చక్కెర చదివిస్తాం. ఏడుకొండలాయనకు ముడుపు కడతాం."

ఇట్టి సమాధానమును వ్రాయుటకు గడిలో చోటు ఉండదు. కరణము ఒక క్షణము ఆలోచించి, సున్నతి జరుగునుగదా యని తలపోసి, ముసల్మాన్ అని వ్రాసి తరువాతి గడికి పోవును. అతడు దుర్మార్గుడు కాడు, తొందరలో ఉన్నాడు. ఆ తొందరలో, అడిగినవానికి రెండు మాటలుగా వచ్చిన జవాబు కాగితముమీద ఒక్క మాట యయ్యెను.

ఈ ఒక్క మాట తరువాత ఎట్లు ప్రయాణము చేసినదో తెలిసికొనుట ముఖ్యము. 1901లో లెక్క కూడు పద్ధతి మారెను. అంతకుముందు పెద్ద కాగితములమీద గీతలు గీచి కూడుచుండిరి. ఇప్పుడు మనిషికొక చీటి చొప్పున కాగితమునుండి నకలు తీసి, ఆ చీటీలను గూళ్ళలో వేరుచేసి లెక్కపెట్టిరి. పని త్వరగా సాగుటకు ఒక ఉపాయము పన్నిరి: చీటిమీద మతమును వ్రాయనక్కరలేకుండ, ఒక్కొక్క మతమునకు ఒక్కొక్క రంగు చీటి. స్త్రీపురుష భేదము, వివాహము మొదలైనవి గుర్తులవలన తెలియును. మతము మాత్రము కాగితపు రంగువలననే తెలియును. నకలు వ్రాయు గుమస్తా మొట్టమొదట చేయవలసిన నిర్ణయము, ఏ రంగు కట్టనుండి చీటి లాగవలెనన్నది. రెండు రంగుల చీటి లేదు. పీర్లకు చదివించి, ఏడుకొండలకు ముడుపు కట్టిన దూదేకుల వాడు ఆ గూటిలో పడునప్పటికి, పుట్టుకనుండియు ఒకే రంగువాడైనట్లు కనబడును.

అంతతో అయిపోలేదు. ఆ చీటినుండి అతడు ముక్కలు ముక్కలుగా వేరు వేరు పట్టికలలోనికి పోయెను. మతముల పట్టికలో ముసల్మాను. భాషల పట్టికలో తెలుగువాడు. వృత్తుల పట్టికలో దూది ఏకువాడు. తెలుగు మాటలాడు, విల్లు మీటు, పీరును వేంకటేశ్వరుని కొలుచు సంపూర్ణమైన మనిషి ఏ పట్టికలోను లేడు. పట్టికలలో భాషయు, వృత్తియు పండితులు మాత్రము చూచు సంగతులుగా మిగిలిపోయెను. మతపు పట్టిక ఒక్కటి రాజ్యాంగము కూర్చు వారి బల్లపైకి పోయెను.

ఆ ఉద్యోగులకు ఈ సంగతులు తెలియకపోలేదు. 1891లో చెన్నరాజధాని జనాభా లెక్కలకు అధిపతి హెచ్.ఎ. స్టువర్టు. ఉత్తర ఆర్కాడు జిల్లా మాన్యువల్‌ను ఆ దశాబ్దముననే సవరించి ప్రకటించినవాడును ఆయనయే; కనుక కుప్పము పుంగనూరు సీమ ఆయనకు కాగితపు సీమ కాదు. దూదేకులవారు సున్నతి తప్పక చేయుదురనియు, ముస్లిం సాధువులను భక్తితో కొలుతురనియు, అయినను పెండ్లిలో తాళి కట్టుదురనియు, వేషమున హిందువులను పోలియుందురనియు, హిందూ పూజలలో తమకు వీలైనంతవరకు పాల్గొందురనియు ఆయన వర్ణించెను. దీనిని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువడిన దక్షిణ భారత కులముల గ్రంథమున మరల చూపెను. 1881లో లెక్క నడిపిన లూయిస్ మెక్ఐవర్, హిందువు అను మాట గీచిన గిరిలో ఒక చివర వైదికాచారపరులును, వేరొక చివర తిరునల్వేలి భూతారాధకులును ఇమిడియున్నారనియు, మతముగా గాని జాతిగా గాని అది సరియైన నిర్వచనము కాదనియు నివేదికలోనే ఒప్పుకొనెను. పీఠికలో అనుమానము, పట్టికలో నిశ్చయము: ఆనాటి నివేదికలన్నిటి తీరు ఇదియే. పీఠికను చదివినవారు కొందరు. పట్టికను వాడుకొన్నవారు అందరు.

గుజరాతులోను దూదేకులవారి వంటి కొన్ని సమూహములు ఉండెను. 1911లో బొంబాయి రాజధాని అధికారులు వారిని ఇటు అటు నెట్టక, హిందూ మహమ్మదీయులు అని వేరుగా చూపిరి. అప్పటి అఖిల భారత అధికారి ఇ.ఎ. గెయిట్‌కు అది నచ్చలేదు. వారిని ఏదో ఒక మతమున చేర్చియుండవలసినదని ఆయన అభిప్రాయము. ఉన్నది ఉన్నట్లు వ్రాసిన ఉద్యోగి తప్పు చేసినవాడయ్యెను. ఈ ఒక్క సంఘటన నాకు అన్నిటికంటె స్పష్టముగా ఆ యంత్రపు స్వభావమును చూపుచున్నది: రెంటిని కలిపి జీవించువారు ఉన్నారని దానికి తెలియును, వారికి చోటు ఇయ్యరాదని మాత్రమే అది నిశ్చయించుకొన్నది.

ఆ అంకె అధికారముగా మారిన తీరు ఇక చూతము. 1906 అక్టోబరు 1న ఆగాఖాను నాయకత్వమున ముస్లిం ప్రముఖులు సిమ్లాలో వైస్రాయి మింటోను కలిసికొని వినతిపత్రము సమర్పించిరి. అందలి వాదమునకు మూలము 1901 లెక్క: ముసల్మానులు 6 కోట్ల 20 లక్షలు, అనగా జనములో ఐదవ వంతునకు మించి, నాలుగవ వంతునకు లోపు. ప్రకృతి ఆరాధకులను, నిజమునకు హిందువులు కాకున్నను హిందువులుగా వ్రాయబడుచున్న వర్గములను తీసివేసినచో ఆ నిష్పత్తి ఇంకను పెరుగునని కూడ అందు చెప్పిరి. 1909 చట్టము ముసల్మానులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చెను. వారి ప్రతినిధిని ముసల్మానులే ఎన్నుకొందురు. నాటినుండి జనాభా లెక్క కేవలము లెక్క కాదు, పంపకము. చెన్నరాజధానిలో ముసల్మానులు నూటికి ఆరేడుగురు. 1920 ఎన్నికల నాటికి శాసనమండలిలో ఎన్నికయగు 98 స్థానములలో 13 వారివి. 1937లో శాసనసభలోని 215 స్థానములలో 28.

వెంటనే ఎదుటి పక్షమునను కలవరము పుట్టెను. కలకత్తాలో యు.ఎన్. ముఖర్జీ అను వైద్యోద్యోగి 1909లో జనాభా లెక్కలను చేతబట్టుకొని, హిందువులు నశించిపోవుచున్న జాతి అని వ్యాసపరంపర ప్రకటించెను. పదేండ్లకొకమారు వచ్చు అంకెలను వరుసగా పెట్టి, ఈ వాలు ఇట్లే సాగినచో అని ఊహించుట అతని పద్ధతి. జననమరణముల తేడాలు, కరవులు, వలసలు, గణకుడు ఒకమారు ఒకగూటను మరియొకమారు వేరొక గూటను వేసిన సమూహములు ఆ పద్ధతికి కనబడవు. ఆ వాదము స్వామి శ్రద్ధానందుని చేరి, 1923లో ఆగ్రా మథుర ప్రాంతపు మల్కానా రాజపుత్రుల శుద్ధి ఉద్యమమునకు బలమిచ్చెను. ఆ మల్కానాలు మన దూదేకులవారి వంటివారే; పేర్లు హిందూ పేర్లు, ఖననము ముస్లిం పద్ధతి. వారిని హిందువులలో చేర్చుకొనుటకై శుద్ధి అని ఒక పక్షము, ముసల్మానులుగా నిలుపుకొనుటకై తబ్లీగు అని వేరొక పక్షము ఆ పల్లెలలోనికి దిగెను. రెండు పక్షములు ఒక్క విషయమున ఏకీభవించెను: అటో ఇటో తేలవలెను. గెయిట్ గడి కోరినది అదియే గదా.

మన దూదేకులవారి సీమలో అట్టి పోరు రాలేదు. ఇచ్చట మార్పు మెల్లగా, ఇంటి లోపల వచ్చెను. అచ్చు పుస్తకములలో దూదేకులవారు ముసల్మానులలో తక్కువవారుగా, మతాచారము సరిగా తెలియనివారుగా వర్ణింపబడిరి. ఒక వర్ణనను అధికార గ్రంథమున చదివినవారికి దానిని తప్పించుకొను కోరిక పుట్టుట సహజము. చదువుకొన్న కుటుంబములు వృత్తినామమును వదలి, నేతగాడు అను అర్థమున్న పారసీక పదమునకు సంబంధించినదని చెప్పు నూర్‌బాష్ అను పేరు పెట్టుకొనిరి. కొందరు షేకు అని చెప్పుకొనసాగిరి. కొన్ని ఇండ్లలో హుస్సేనప్ప కొడుకు హుస్సేను అయ్యెను, మనుమడు మహమ్మదు హుస్సేను అయ్యెను. వేరు కొన్ని ఇండ్లలో మనుమడు తెలుగు పేరుతోనే మిగిలెను. దీనిని నేను తప్పనను. గౌరవముకొరకు పేరు మార్చుకొను హక్కు ఎవనికైనను కలదు. కాని ఆ మార్పునకు దారి ముందే గీచియుండెను. దూదేకులతనమే ఒక నిండు జీవితమని చెప్పు గడి ఏ కాగితమునను లేదు.

స్వాతంత్ర్యానంతరమును ఈ చిక్కు తీరలేదు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వెనుకబడిన తరగతుల పట్టిక ప్రకటించినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అను నాలుగు పేర్లను కలిపి బి వర్గమున చేర్చెను. నాలుగును ఒకే వృత్తి చుట్టు తిరుగు పేర్లు: పింజారి దూది విడదీయుటనుండి, లద్దాఫ్ అదే అర్థముగల అరబ్బీ పదమునుండి వచ్చినవి. 2007లో ముస్లిం సమూహములలో వెనుకబడినవారికై ఇ వర్గము వచ్చినప్పుడును వీరు బి లోనే నిలిచిరి. జనాభా లెక్కకు ముస్లిములు, రిజర్వేషనుకు వేరు. ధ్రువపత్రము కొరకు కార్యాలయమునకు పోయిన పిల్లవాని పేరు చూచి నీది ఏ వర్గము అని మరల మరల అడుగుదురు. పేరు మరీ తెలుగైన ఒక అనుమానము, మరీ అరబ్బీయైన వేరొక అనుమానము.

ఈ కథను మరీ సాగదీయరాదు. మతముల నడుమ గోడలన్నియు లెక్కలవారే కట్టిరనుట సత్యము కాదు. సుల్తానుల కాలమునను, నవాబుల కాలమునను మతమువలన తగవులు ఉండెను. మసీదు వేరు, గుడి వేరు అని అందరికి తెలియును. కడప నవాబు ఒక దూదేకుల యువకుని, సిద్ధయ్యను, పోతులూరి వీరబ్రహ్మమునకు శిష్యుడైనందుకు పిలిపించి విచారించెనని మన జనులు నేటికిని చెప్పుకొందురు. నీవు ఎవరివాడవు అను ప్రశ్న అప్పుడును ఉండెను. కాని ఆ కథలో ప్రశ్న ఒక నవాబుది, జవాబు ఒక సిద్ధయ్యది. అతని జవాబువలన కడప సీమలోని దూదేకులవారందరు ఒక పక్షమునకు చేరినట్లు కాలేదు. ముడుమాలలో అతని మఠమునకు ఏ గడి నింపనక్కరలేకయే జనులు పోవుచున్నారు. లెక్కల కాగితము ఆ ప్రశ్నను ప్రతి గడపకు తెచ్చెను, పదేండ్లకొకమారు తెచ్చెను, జవాబులన్నిటిని కూడి రెండు పెద్ద రాశులుగా పోసెను, ఆ రాశుల ఎత్తునుబట్టి అధికారము పంచెను. కొత్తదనమంతయు ఆ నాలుగు మెట్లలో కలదు. స్థానములు, ఉద్యోగములు ఆ రాశులకు కట్టివేయబడిన చోట మేకు లోతుగా దిగెను. కట్టివేయబడని చోట పైపైన నిలిచెను. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరునకు మొక్కువారిలో అధికసంఖ్యాకులు నేటికిని హిందువులే. దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ఉగాదినాడు ముస్లిం కుటుంబములు టెంకాయలతో వచ్చును. ఇవి లెక్కకు చిక్కని జీవితములు. నూటయేబది ఏండ్ల లెక్కలును వీటిని తుడిచివేయలేదు.

2011 లెక్కలో మతపు ప్రశ్నకు ఆరు సంఖ్యలు ఇచ్చిరి: హిందువు 1, ముస్లిం 2, క్రైస్తవుడు 3, సిక్కు 4, బౌద్ధుడు 5, జైనుడు 6. వేరు ఏది చెప్పినను పూర్తి పేరు వ్రాయవచ్చును, సంఖ్య మాత్రము ఉండదు. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా మరల లెక్క రానున్నది. 1931 తరువాత మొదటిసారి అందరి కులమును అందులో అడుగనున్నారు. గుడుపల్లెలో గాని, పుంగనూరులో గాని, మదనపల్లెలో గాని గణకులుగా పోవు ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఒక ముసలమ్మ పేరు మస్తానమ్మ యైనంత మాత్రమున గడిని మీరే నింపకుడు. ప్రక్కనున్న కొడుకు చెప్పినదియు ఆమె జవాబుగా వ్రాయకుడు. ఆమెనే అడుగుడు. ఆమె రెండు మాటలు చెప్పినచో, ఒక్క మాట చెప్పుమని తొందరపెట్టక, చివరివరకు వినుడు.